గోడరాత: రెండు కుదింపుల్లో ఏది దిద్దాలి

అన్నా, అనంతపురం పల్లెల్లో రచ్చకట్ట గోడల మీద రాయించే వేరుశనగ సలహాకు రెండు కుదింపులు వచ్చాయి. గోడకు పట్టేది వరసకు అయిదు మాటల చొప్పున ఎనిమిది వరసలు. అంటే నలభై మాటలు. ముందు మూలం చూడండి, 79 మాటలు:

«వర్షాధార వేరుశనగలో విత్తే ముందు విత్తన శుద్ధి తప్పనిసరి. కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పొడిని పట్టించాలి. మునుపు వేరుశనగ వేయని చేనైతే, ఆ మందు పట్టించాక ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్‌ను చివరగా పట్టించి నీడలో ఆరబెట్టి విత్తుకోవాలి. తొలి పూత దశలో, నేలలో పదును ఉన్నప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళకు దగ్గరగా చాళ్ళలో వేసి, మట్టి ఎగదోయాలి. కాయకు కావలసిన కాల్షియంను కాయే నేరుగా నేల నుంచి తీసుకుంటుంది కాబట్టి జిప్సం దూరంగా చల్లితే లొట్ట కాయలు ఎక్కువవుతాయి. 45 రోజులు దాటాక ఊడలు దిగుతుంటాయి, అప్పుడు గుంటక తోలితే అవి తెగిపోతాయి, కనుక ఆ తర్వాత అంతరకృషి చేయకూడదు.»

మొదటిది: «వేరుశనగ విత్తన శుద్ధి: మాంకోజెబ్ కిలోకు 3 గ్రాములు, రైజోబియం కల్చర్ ఎకరాకు 200 గ్రాములు. జిప్సం వినియోగం: ఎకరాకు 200 కిలోలు, తొలి పూత దశలో, మొక్కల మొదళ్ళ దగ్గర. అంతరకృషి: 45 రోజుల తర్వాత నిషిద్ధం.»

రెండోది: «విత్తేముందు బుడ్డలకు మాంకోజెబ్, రైజోబియం పట్టించి ఆరబెట్టండి. పూత పడ్డాక ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గరే వేసి మట్టి ఎగదోయండి, దూరంగా చల్లితే కాయ లొట్టపోతుంది. 45 రోజులు దాటితే గుంటక తోలొద్దు, ఊడలు తెగుతాయి.»

రెండూ 28 మాటలే. కాబట్టి పొడవును బట్టి ఎంచుకోవడానికి లేదు. ఇంకా పన్నెండు మాటలకు చోటుంది.

పైపైన చూస్తే మొదటిదే నమ్మకంగా కనిపిస్తుంది, అంకెలన్నీ ఉన్నాయి కదా. కానీ «రైజోబియం ఎకరాకు 200 గ్రాములు» అని ఉంది చూడండి. మూలంలో ఉన్నది ఎకరా విత్తనానికి. «విత్తనానికి» పోయేసరికి అది చేలో చల్లే సరుకులా చదువుకోవచ్చు. పైగా అందులో ఒక్క క్రియా లేదు. నిషిద్ధం అనే మాట గుడి బోర్డు మీద బాగుంటుంది గానీ గుంటక పట్టుకున్నవాడికి కాదు. ఎందుకు వద్దో చెప్పలేదు. కారణం లేని నిషేధం కలుపు బలిసిన రోజున ఎవరికీ గుర్తుండదు.

రెండోదాని తప్పులు ఇంకా పెద్దవి, అది దాచను. మాంకోజెబ్ మోతాదు, రైజోబియం మోతాదు రెండూ లేవు. రెండింటినీ పక్కపక్కన పెట్టడంతో ఒకే గోనెసంచి మీద కలిపేయొచ్చు అనిపిస్తుంది. రైజోబియం బతికున్న బ్యాక్టీరియా. మందు తర్వాత, చివర్లో పట్టించమన్నది అందుకే. «నీడలో» ఎగిరిపోయింది, ఎండలో ఆరబెడితే కల్చర్ దెబ్బతింటుంది. «బుడ్డలకు» అంటే పొట్టుతో ఉన్న కాయకే పొడి పట్టించేవాళ్ళూ ఉంటారు. మనం పంటను బుడ్డలు అనే పిలుస్తాం నిజమే, ఇక్కడ మాత్రం గింజ అనాలి. «పూత పడ్డాక» కూడా వదులుగా ఉంది. ఎన్నాళ్ళ తర్వాత?

కొత్త చేను అన్న షరతును, నేలలో పదునును ఇద్దరూ వదిలేశారు.

అయినా దిద్దడానికి రెండోదే తీసుకుందాం. దానిలో పోయినవి మాటలు, తెచ్చి అతికించొచ్చు. మొదటిదానిలో పోయింది నడక. అది మందుల పట్టీలా సాగింది. రైతు పని విత్తు, పూత, 45 రోజులు అని కాలం వెంట నడుస్తుంది, రెండోది ఆ దారిలోనే ఉంది. మొదటిదాన్ని ఆ దారికి తేవాలంటే మళ్ళీ మొదటినుంచి రాయడమే.

దిద్దుబాటు ఇదీ. మొదటి వాక్యం తీసేసి దీన్ని పెట్టండి: «విత్తే గింజకు కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించండి. కొత్త చేనైతే, ఆపైన ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పట్టించి నీడలో ఆరబెట్టండి.» ఆరు మాటలు పోయి పద్దెనిమిది వచ్చాయి, మొత్తం సరిగ్గా నలభై. ఇక «పూత పడ్డాక» బదులు «తొలి పూతలో», దాని పక్కన «పదునుమీద». ఒకటి ఎక్కువైంది. «దూరంగా చల్లితే»ను «దూరమైతే» చేస్తే సరిపోతుంది.

పెయింటర్‌కు కాగితం ఇచ్చేటప్పుడు రెండు 200ల కింద ఎర్రగీత పెట్టండి. ఒకటి గ్రాములు, ఒకటి కిలోలు. గోడ ఆరకముందే ఆ రెండు వరసలూ చదివించండి.