సునీతకు అమ్మ రాసిన ఉత్తరం

తణుకు,
17 నవంబరు 2024

సునీతా,

శ్రావణంలో పిన్ని కూతురి పెళ్లప్పుడు, నీ చేతి మీద ఆ మచ్చ ఏమిటని పిన్ని కోడలు అడిగింది. "అమ్మ అట్లకాడతో పెట్టిన వాత" అన్నావు నువ్వు. నేను నవ్వేసి, "దీనికి గోరంతలు కొండంతలు చేసి చెప్పడం అలవాటు. పెనం తగిలి కాలింది" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు లేచి వెళ్లిపోయావు.

నువ్వు చెప్పిందే నిజం. ఆ వాత నేనే పెట్టాను. అప్పుడు నువ్వు నాలుగో తరగతి. నూనెకు పంపితే చిల్లర పది రూపాయలు తక్కువ తెచ్చావు. తీయలేదని ఏడుస్తూ చెబుతున్నా వినకుండా అట్లకాడ పొయ్యి మీద పెట్టి, కాలేదాకా ఆగి, నీ చేయి పట్టుకున్నాను. మర్నాడు బడిలో పంతులమ్మ అడిగితే పెనం తగిలిందని చెప్పమని నేర్పింది కూడా నేనే. ఆ అబద్ధాన్నే ఇన్నేళ్ల తరువాత పెళ్లిలో మళ్లీ చెప్పాను.

నీకు తెలియనిది ఒకటి ఉంది. ఆ వారంలోనే కొట్టతను నూనె ధర పెరిగిందని నాతో అన్నాడు. నీ తప్పేమీ లేదని నాకు అప్పుడే తెలిసింది. నీకు చెప్పలేదు. నువ్వు నిజంగా ఆ డబ్బు తీసి ఉన్నా, పిల్ల చేయి కాల్చడానికి అది కారణం కాదు. ఆ రెండో సంగతి మాత్రం నాకు ఈ మధ్యే బుర్రకెక్కింది.

వాత ఒక్కటే కాదు. క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల్లో మార్కులు తగ్గాయని చీకట్లో అరుగు మీద నిలబెట్టి తలుపు గడియ పెట్టాను. నీ ఒంటి రంగు గురించి చుట్టాల ముందు అన్న మాటలు ఇక్కడ తిరిగి రాయను, ఒకసారి విన్నవి చాలు. సున్నిపిండితో నీ మెడ ఎర్రబడేలా రుద్దుతూ, "నిన్నెవరు చేసుకుంటారే" అనేదాన్ని. నీకు అప్పుడు పదేళ్లు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగేదో నీకూ తెలుసు. ఈ ఉత్తరంలో దాన్ని నా తరఫు సాక్షిగా పిలవను. కోపం ఆపుకోలేకపోయానని కూడా అనలేను. ఎందుకంటే గుమ్మంలో ఎవరైనా అడుగుపెడితే ఎత్తిన చేయి దించేదాన్ని. తమ్ముడి మీద ఒక్కసారీ చేయి చేసుకోలేదు. అంటే ఆపుకోవడం నాకు చేతనయ్యేది. నీ విషయంలో ఆపుకోవాలని అనుకోలేదు.

"దెబ్బకు దయ్యం వదులుతుంది, ఆ క్రమశిక్షణ వల్లే పిల్ల ఇంజనీరయింది" అని మీ పెద్దమామయ్య అన్నప్పుడల్లా నేను తల ఊపాను, కొంత గర్వంగానే. నువ్వు చదివింది నీ తెలివితో, నేను పెట్టిన భయంతో కాదు. ఇంటర్‌లో ఇంటికి దూరంగా హాస్టల్ కావాలని ఎందుకు పట్టుబట్టావో నాకు అప్పుడే అర్థమయింది. అర్థం కానట్టు ఉండిపోయాను.

పాపను నా దగ్గర ఒంటరిగా వదలవు. మార్కెట్‌కు వెళ్లినా వెంట తీసుకుపోతావు. నేను గమనించాను. మొదట్లో మనసు చివుక్కుమంది, తమ్ముడితో చెప్పుకున్నాను కూడా. అలా చెప్పుకోవడం తప్పు. నువ్వు చేస్తున్నది సరైన పని. ఎప్పుడు వదలాలో, అసలు వదలాలో వద్దో నీ ఇష్టం. నేను అడగను, ఇంకెవరితోనూ అడిగించను.

నిన్ను కొట్టినందుకు, కాల్చినందుకు, నీ రంగును ఎగతాళి చేసినందుకు, నిజం చెప్పిన నిన్ను నలుగురిలో అబద్ధాలకోరును చేసినందుకు నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించాలని నియమం ఏమీ లేదు. పెద్దదాన్ని, అమ్మను, రేపో మాపో పోయేదాన్ని అని మొహమాటపడవద్దు. నీకు చెప్పాలనిపించినవి ఉంటే, ఎంత కటువుగానైనా, ఫోనులోనో ఎదురుగానో చెప్పు. మధ్యలో అడ్డు తగలను, ఏడ్చి నీ నోరు మూయించను. ఏమీ చెప్పాలని లేకపోతే ఈ ఉత్తరానికి జవాబు రాయనక్కరలేదు.

నిన్న పిన్నికి ఫోను చేసి, ఆ మచ్చ ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కోడలికి కూడా చెప్పమన్నాను. "ఇప్పుడెందుకక్కా ఇవన్నీ" అంది. ఆ రోజు నీ మాటకు అక్కడ నవ్విన మిగతావాళ్లకు కూడా ఒక్కొక్కరికీ నేనే చెబుతాను. సంక్రాంతికి మీరు వస్తే సంతోషం, రాకపోతే ఎందుకు రాలేదని ఎవరూ నీకు ఫోను చేయకుండా చూసుకుంటాను.

అమ్మ