సగటు చుట్టూ గంట ఆకారం: కేంద్రీయ అవధి సిద్ధాంతం, విశ్వాస్యతా అంతరం

ఒక పాచికను వేస్తే 1 నుంచి 6 వరకు ఏ అంకె పడడానికైనా అవకాశం సమానమే. రెండు పాచికలు వేసి సగటు తీసినప్పుడు ఆ సమానత్వం పోతుంది. సగటు 1 కావాలంటే రెండింటిలోనూ ఒకటే పడాలి, అంటే 36 విధాల్లో ఒక్కటే దారి, 3.5 రావడానికి ఆరు దారులున్నాయి. పది పాచికల సగటు 1 కావడానికి 6,04,66,176 విధాల్లో ఒక్కటే మార్గం. అంచులకు చేరాలంటే అన్నీ ఒకే వైపు మొగ్గాలి, మధ్యకు రావడానికి మాత్రం పెద్దవీ చిన్నవీ ఒకదానినొకటి సరిచేసుకుంటే చాలు. కేంద్రీయ అవధి సిద్ధాంతం వెనుక ఉన్న ఊహ ఇదే.

సమష్టి విభాజనం ఏ ఆకారంలో ఉన్నా, దాని విస్తృతి పరిమితమై, పరిశీలనలు పరస్పరం స్వతంత్రంగా ఉంటే, ప్రతిరూప పరిమాణం n పెరిగేకొద్దీ ప్రతిరూప సగటు విభాజనం గంట ఆకారపు సామాన్య విభాజనానికి చేరువవుతుందని సిద్ధాంతం చెబుతుంది. దాని కేంద్రం సమష్టి సగటు μ, ప్రామాణిక దోషం σ/√n, ఇక్కడ σ సమష్టి ప్రామాణిక విచలనం. గంట ఆకారం వచ్చేది సగటులకే గాని విడి విలువలకు కాదు. పరీక్షల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. n కనీసం 30 ఉండాలన్నది వాడుకలోని సూచన మాత్రమే, విభాజనం బాగా ఒక పక్కకు ఒరిగి ఉంటే 30 చాలదు.

ఒక పట్టణంలో గృహాల నెలవారీ విద్యుత్ వాడకాన్ని తీసుకుందాం. చాలా ఇళ్లలో వాడకం తక్కువ, ఏసీలున్న కొన్ని ఇళ్లలో చాలా ఎక్కువ, కనుక విభాజనం కుడివైపు సాగి ఉంటుంది. యాదృచ్ఛికంగా ఎంచిన 64 ఇళ్ల సగటు 142 యూనిట్లు, ప్రామాణిక విచలనం 48 అనుకుంటే, σ తెలియదు కాబట్టి దాని స్థానంలో 48నే వాడతాం. ప్రామాణిక దోషాన్ని SE అంటే, μను అంచనా వేసే 95 శాతం విశ్వాస్యతా అంతరం ఇలా వస్తుంది.

```
SE = 48/√64 = 6
142 ± 1.96 × 6 = 142 ± 11.76
(130.24, 153.76)
```

ప్రతిరూప సగటు, μకు ఇరువైపులా 1.96 ప్రామాణిక దోషాల లోపు పడే సంభావ్యత సుమారు 0.95. సగటు μకు అంత దగ్గరగా ఉంటే μ కూడా సగటుకు అంతే దగ్గరగా ఉంటుంది. ఈ చిన్న మలుపే అంతరాన్ని నిర్మిస్తుంది.

అయితే "μ ఈ అంతరంలో ఉండే సంభావ్యత 95 శాతం" అని రాయకూడదు. 1937లో గణాంకవేత్త జెర్జీ నేమన్ రూపొందించిన ఈ భావనలో μ స్థిరం, మారేది అంతరం. ఇలా మళ్లీ మళ్లీ 64 ఇళ్లను ఎంచి అంతరాలు కడుతూ పోతే, వాటిలో దాదాపు 95 శాతం μను పట్టుకుంటాయి; మన చేతిలో ఉన్నది వాటిలో ఒకటి.

వెడల్పును సగానికి తగ్గించాలంటే 128 ఇళ్లు సరిపోవు, √n కారణంగా 256 కావాలి. ప్రతిరూపం చిన్నదై, సమష్టి సామాన్య విభాజనానికి దగ్గరగా ఉన్నప్పుడు 1.96కు బదులు n−1 స్వాతంత్ర్య పరిమితులతో t విలువ తీసుకోవాలి. ఎంపికే పక్షపాతంతో జరిగితే మాత్రం, ఉదాహరణకు 64 ఇళ్లనూ ఒకే సంపన్న కాలనీలో తీసుకుంటే, n ఎంత పెంచినా అంతరం తప్పుడు కేంద్రం చుట్టూనే ఇరుకవుతుంది.