విషయం: నీ రామదాసు వ్యాసం

శ్రావణీ,

నీ వ్యాసం మూడో పేజీ చివర ‘ఈ కథ విన్నవారికి సకల శుభములు కలుగును’ అని ఉంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. వెతికితే ఒక భక్తి వెబ్‌సైట్‌లో పొల్లు పోకుండా అదే కనిపించింది.

దేవుడి కథ అందరిదీ, నిజమే. కానీ ఆ వాక్యాలు ఇంకొకరివి. వాళ్ల ఊసెత్తకుండా నీవిగా ఇస్తే కాపీ కిందే లెక్క. దీనికి మార్కులు వేయలేను.

రామలక్ష్మణులొచ్చి తానీషాకు పైకం కట్టారన్నది ఐతిహ్యం. గోపన్న గోల్కొండలో ఖైదీగా ఉన్నాడన్నది చరిత్ర. ఆ రెంటినీ విడదీయమనే కదా నేనడిగింది! కోటకెళ్లి ఆ ఖైదు గది చూసిరా. రెండు పేజీలైనా చాలు, నీ మాటల్లో రాసి సోమవారానికి పంపు. ఎక్కడి నుంచి ఏం తీసుకున్నావో అక్కడే చెప్పు.

టెన్షన్ పడకు. ఇబ్బందుంటే లంచ్‌లో స్టాఫ్ రూమ్‌కి రా.

సుజాత