రెజ్యూమె: ఏసీ, చిల్లర్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టుకు (కువైట్‌లో 12 ఏళ్ల అనుభవం)

మాది ప్రొద్దుటూరు. వయసు 36. 2025 మార్చిలో కువైట్ నుంచి పూర్తిగా వచ్చేశాను. కడపలో గానీ కొప్పర్తిలో గానీ పని కావాలి. పేరు, ఫోన్ నంబర్ కవరు మీద రాశాను.

2016–2025: ఛార్జ్‌హ్యాండ్, ఏసీ మెయింటెనెన్స్ కంపెనీ
ఛార్జ్‌హ్యాండ్ అంటే ఏంటని ఇక్కడ ఇద్దరు ముగ్గురు అడిగారు. ఫోర్‌మన్‌కు కింద, టెక్నీషియన్లకు పైన ఉండే హోదా, మన మేస్త్రీ లాంటిది. మూడేళ్లు టెక్నీషియన్‌గా చేశాక 2019లో ఇచ్చారు. కంపెనీ పేరు చివర డబ్ల్యూఎల్‌ఎల్ అని ఉంటుంది, అది మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిదే. బిల్డింగ్ ఒకరిది, మెయింటెనెన్స్ కాంట్రాక్టు మాది, అందుకే సైట్ పేరు ఒకటి, జీతం ఇచ్చిన కంపెనీ పేరు ఇంకోటి కనిపిస్తాయి.

నా కింద ఆరుగురు. రెండు ఎయిర్‌కూల్డ్ చిల్లర్లు, పంపులు, 14 ఏహెచ్‌యూలు. ఎండాకాలం 48 డిగ్రీలు దాటి, పైగా దుమ్ము గాలి లేస్తే కండెన్సర్ కాయిల్ మూసుకుపోయి, హెడ్ ప్రెషర్ పెరిగి చిల్లర్ ట్రిప్ అవుతుంది, అందుకని ట్రిప్ అయ్యాక పరిగెత్తకుండా వారం వారం కాయిల్స్ కడిగించి ప్రెషర్లు రిజిస్టర్‌లో రాయించేవాణ్ని. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ రూల్, కాబట్టి ఉదయం 5కే మొదలుపెట్టేవాళ్లం. కరెంటు తీసి తాళం వేసి, ట్యాగ్ కట్టకుండా ఎవర్నీ ప్యానెల్ ముట్టనివ్వలేదు.

2020లో లాక్‌డౌన్ వల్ల నాలుగు నెలలు క్యాంపులోనే ఉన్నాం. సర్వీసులో గ్యాప్ లేదు.

2013–2016: హెల్పర్, తర్వాత టెక్నీషియన్, వేరే కంపెనీ
ఒక విషయం ముందే చెప్తాను. అప్పటి అకామాలో, అంటే అక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్‌లో, బతాకాలో, అంటే అక్కడి గుర్తింపు కార్డులో, నా వృత్తి "కూలీ" అని ఉంది. ఆ వీసా మీదే తీసుకెళ్లారు, పని మాత్రం మొదటి రోజు నుంచి ఏసీలదే. స్ప్లిట్, ప్యాకేజ్ యూనిట్లు, ఆర్-22, ఆర్-410ఏ గ్యాస్. సర్వీస్ సర్టిఫికెట్‌లో చేసిన పని రాశారు, అరబిక్ కాగితానికి ఇంగ్లీషు అనువాదం జతచేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

2009–2013: కడపలో ఏసీ షాపు, ఇన్‌స్టాలేషన్, రిపేరు.

చదువు: పదో తరగతి, ఐటీఐ రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ, రెండేళ్ల కోర్సు, 2009.

భాషలు: తెలుగు, హిందీ, సైట్ పనికి సరిపోయే ఇంగ్లీషు. అరబిక్ మాట్లాడతాను, చదవడం రాదు.

వీఆర్‌ఎఫ్ సిస్టమ్ సొంతంగా చేయలేదు, పక్కన ఉండి చూశాను.

అక్కడ చివరి జీతం 240 దినార్లు, రూమ్ కంపెనీదే. దాన్ని రూపాయల్లోకి మార్చి నేను అంత అడుగుతానని అనుకోవద్దు. ఇక్కడి పనికి ఇక్కడి జీతమే, నెలకు 30 వేలు అడుగుతున్నాను. అమ్మానాన్న పెద్దవాళ్లయ్యారు, మళ్లీ వెళ్లే ఆలోచన లేదు. నైట్ షిఫ్టు చేస్తాను. వారంలో చేరగలను.