విషయం: పిహెచ్.డి. దరఖాస్తుకు మీ సిఫార్సు లేఖ కోరుతూ – శ్రావణి, ఎం.ఏ. తెలుగు (2022–24)

గౌరవనీయులైన ఆచార్యులవారికి,

నమస్కారాలు. నేను శ్రావణిని. 2022–24 ఎం.ఏ. తెలుగు విద్యార్థినిని. మీ వద్ద శాసన పరిచయం పాఠం చదివాను. ‘కాకతీయ కాలపు దాన శాసనాల్లో కొలతల పదాలు’ అన్న నా లఘు సిద్ధాంత వ్యాసానికి మీరే పర్యవేక్షకులు. ప్రస్తుతం నల్గొండలో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను.

ఒక విన్నపంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. అమెరికాలోని బర్క్‌లీలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, దక్షిణ, ఆగ్నేయాసియా అధ్యయనాల శాఖలో పిహెచ్.డి. ప్రవేశానికి దరఖాస్తు చేస్తున్నాను. దానికి మూడు సిఫార్సు లేఖలు కావాలి. వాటిలో ఒకటి మీరు రాయగలరా అని అడగడానికి సాహసిస్తున్నాను. మిగిలిన రెండింటికీ చరిత్ర శాఖలో నాకు పాఠం చెప్పిన ఆచార్యులనూ, గత వేసవిలో ప్రదర్శనశాలలో శాసనాల జాబితా పని నేర్పిన అధికారినీ అడిగాను. ఇద్దరూ అంగీకరించారు.

మొదట మీకే రాయవలసింది. నిజం చెప్పాలంటే నెల రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపేస్తూ వచ్చాను. నా మార్కుల పత్రం చూసి ఎవరైనా ఒక లేఖ రాయగలరు. కానీ నేను రాతి ముందు కూర్చుని ఎలా చదువుతానో చూసినవారు మీరొక్కరే. అందుకే మీ మాట లేకుండా ఈ దరఖాస్తు పంపాలని నాకు లేదు.

మీరు ఎందరో విద్యార్థులను చూసి ఉంటారు కనుక ఒక సంగతి గుర్తుచేయనివ్వండి. మా మండలంలోని శివాలయం ముందున్న రాతి కంబం మీది శాసనానికి నేను తీసిన మొదటి రెండు నకళ్లూ పాడయ్యాయి. ఎండకు తడి కాగితం ఆరిపోయి, బ్రష్షుతో కొడుతుండగానే చిరిగిపోయింది. తెల్లవారకముందే మొదలుపెట్టమని మీరు చెప్పాక మూడోది కుదిరింది. ఆ పాఠంలో పదకొండో పంక్తిలో ‘పది’ తరువాత రాయి పెచ్చులూడి ఉంది. ‘మ’ ఒక్కటే స్పష్టంగా కనిపించింది. భూదానమే అయి ఉంటుందనుకుని నేను ‘మర్తురు’ అని పూరించి, దాని మీద ఒక పేజీ వ్యాఖ్య కూడా రాశాను. మీరు పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న రాశారు: “ఇక్కడ రాయి విరిగింది కదా, ‘ర్తు’ మీకు ఎక్కడ కనిపించింది?”

ఆ శనివారమే బస్సెక్కి ఊరికి వెళ్లాను. చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని చూశాను. పగలు కనిపించని గీతలు నీడలుగా తేలాయి. ‘మ’ పక్కన దీర్ఘం ఉంది, దాని తరువాతి అక్షరానికి కింది వంపు మిగిలి ఉంది. అది ‘డ’. అంటే ఆ దాత ఇచ్చింది పది మర్తురుల నేల కాదు, పది మాడలు. నేల కాస్తా నాణెం అయింది. నా వ్యాఖ్య మొత్తం కొట్టివేసి మళ్లీ రాశాను. ‘డ’ను చదరపు కుండలీకరణాల్లో పెట్టి, ఆ తరువాత పోయిన అక్షరాల చోట చుక్కలు ఉంచాను. రెండో ప్రతి చూసి మీరు ఏమీ అనలేదు, సంతకం చేసి ఇచ్చారు. ఆ రోజునుంచీ సందేహమున్న అక్షరాన్ని సందేహంగానే చూపిస్తున్నాను.

మీరు లేఖ రాయడానికి అంగీకరిస్తే, ఈ సంగతినే ప్రస్తావించమని నా కోరిక. పొరపాటు నాదే అన్న విషయం కూడా రాయవచ్చు. ఆ వ్యాసం కోసం 43 దాన శాసనాల అచ్చు పాఠాలు చదివి కొలతల పదాల పట్టిక తయారుచేసిన సంగతీ, 2024 ఫిబ్రవరిలో చందుపట్ల వెళ్లినప్పుడు జూనియర్లకు రుద్రమదేవి మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనాన్ని పంక్తి పంక్తీ చదివి వినిపించే పని మీరు నాకు అప్పగించిన సంగతీ మీకు ఉచితమనిపిస్తే చేర్చవచ్చు. ఇవి కేవలం జ్ఞాపకానికి. ఏది రాయాలో, ఎంత రాయాలో మీ ఇష్టం.

అక్కడ నేను చేయదలచిన పని గురించి కొంచెం చెబుతాను. మా నాయనమ్మ ఇప్పటికీ బియ్యం సోలతోనే కొలుస్తుంది. నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని చిన్నప్పుడు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. శాసనాల్లో అవే పేర్లు కనిపిస్తే ఎంతో సంబరపడ్డాను. కానీ పేరు ఒకటే అయినంత మాత్రాన కొలత కూడా ఒకటే అనుకోవచ్చా? ఒక ఊరి కుంచం, పక్క ఊరి కుంచం సమానమేనా? ఏ కొలతతో ఇవ్వాలో శాసనం రాయించినవారు ఎందుకు అంత పట్టుగా చెప్పారు? ఈ ప్రశ్నలను తెలుగు, తమిళ, సంస్కృత శాసనాలను పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. ఆ మూడు భాషలూ ఒకే శాఖలో బోధిస్తారు కాబట్టే బర్క్‌లీని ఎంచుకున్నాను. ఏడాదిగా తమిళ లిపి, ప్రాథమిక వ్యాకరణం సొంతంగా నేర్చుకుంటున్నాను.

మరొక విషయం మీకు ముందే తెలియజేయడం నా బాధ్యత. మొదటి సెమిస్టరులో నాకు మార్కులు తగ్గాయి. అప్పుడు నాన్నగారికి శస్త్రచికిత్స జరిగింది. ఐదు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నాను. దీన్ని నా ఉద్దేశ పత్రంలో రెండు వాక్యాల్లో చెప్పాను. మీరు ప్రస్తావించవలసిన అవసరం లేదు. మార్కుల పత్రం చూసినప్పుడు మీకు సందేహం రాకూడదని మాత్రమే రాస్తున్నాను.

లేఖ ఇంగ్లీషులో ఉండాలి. మీరు సరేనన్నాక మీ మెయిలుకు విశ్వవిద్యాలయం నుంచి ఒక లింకు వస్తుంది. లేఖను అందులోనే జతచేయాలి. మీరు రాసినది నాకు చూపించనక్కరలేదు. గడువు డిసెంబరులో ఉంది. చివరి నిమిషంలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని నవంబరు 28, శుక్రవారం నాటికి అందితే మేలని అనుకుంటున్నాను. అంటే ఏడు వారాలకు పైగా వ్యవధి ఉంది. నవంబరు 17న ఒకసారి గుర్తుచేస్తూ మెయిలు పంపుతాను. అది తొందరపెట్టడంగా భావించవద్దని మనవి.

దీనితోపాటు నా ఉద్దేశ పత్రం చిత్తుప్రతి, పరిచయ పత్రం, మార్కుల పత్రాలు, మీ ఎర్ర సిరా దిద్దుబాట్లు ఉన్న అధ్యాయం ప్రతి జతచేస్తున్నాను. ఉద్దేశ పత్రంలో ఒక్క మాట సరిచేసినా ధన్యురాలిని. కానీ అది ఈ విన్నపంలో భాగం కాదు.

ఈ సెమిస్టరులో మీకు పరీక్షల పనీ, పరిశోధక విద్యార్థుల పనీ ఎంత ఉంటుందో నాకు తెలుసు. వీలు కాకపోయినా, నా గురించి బలంగా రాయలేననిపించినా దయచేసి మొహమాటపడకుండా చెప్పండి. అక్టోబరు 20లోగా ఒక్క ముక్క తెలియజేస్తే మరొకరిని అడగడానికి నాకు సమయం ఉంటుంది. మీ పట్ల నా గౌరవం ఇసుమంతైనా తగ్గదు. ముఖాముఖి మాట్లాడటమే మీకు సౌకర్యమైతే ఏ శనివారమైనా ఉదయం బస్సుకు బయలుదేరి శాఖకు రాగలను.

ఆ మూడో నకలును చట్రం కట్టించి మా తరగతి గదిలో పెట్టాను. ఇంటర్ పిల్లలు పదకొండో పంక్తి దగ్గర వేలు పెట్టి, ఇక్కడ ఏముందని అడుగుతుంటారు.

మీ విద్యార్థిని,
శ్రావణి
నల్గొండ, 6 అక్టోబరు 2025