ఆర్‌సీలో చిరునామా మార్పు కోసం దరఖాస్తు

విశాఖపట్నం,
12-08-2024.

ప్రాంతీయ రవాణా అధికారి గారికి,
రవాణా శాఖ కార్యాలయం,
విశాఖపట్నం.

విషయం: ఏపీ 21 బీఓ 4172 నంబరు స్కూటర్ ఆర్‌సీలో చిరునామా మార్చవలసిందిగా వినతి.

అయ్యా,

నేను బ్యాంకు ఉద్యోగిని. ఈ జూన్‌లో కర్నూలు నుంచి విశాఖకు బదిలీపై వచ్చాను. 2017లో కర్నూలులో రిజిస్టరైన నా స్కూటర్‌ను రైలు పార్సిల్‌లో తెప్పించుకున్నాను. ఇక ఇక్కడే వాడుకుంటాను కనుక, మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నా కొత్త చిరునామా నమోదు చేయాలని కోరుతున్నాను.

పాత చిరునామా: ఇం. నం. 45/118-2, వెంకటరమణ కాలనీ, కర్నూలు - 518003.

కొత్త చిరునామా: ఫ్లాట్ 302, ఇం. నం. 5-96/2, సెక్టార్ 6, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం - 530017.

జూన్ నెలంతా గాజువాకలో మా పిన్ని గారింట్లో ఉండి, జులై 1న ఈ ఫ్లాట్‌లో అద్దెకు చేరాను. ముప్పై రోజుల్లోగా మీకు తెలియజేయవలసింది. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉండటంతో, నా పేరున చిరునామా రుజువు కోసం ఆధార్‌లో మార్పు జరిగేదాకా ఆగాను. అది ఆగస్టు 5న చేతికి వచ్చింది. అలా పన్నెండు రోజులు ఆలస్యమైంది. మన్నించగలరు. ఇందుకు నిబంధనల ప్రకారం చెల్లించవలసిన మొత్తాన్ని మార్పు రుసుముతో పాటు చెల్లిస్తాను.

స్కూటర్‌పై తీసుకున్న అప్పు 2020లోనే తీరిపోయింది. ఆర్‌సీలో ఫైనాన్స్ నమోదు కూడా అప్పుడే రద్దయింది. జీవితకాల పన్ను కొన్నప్పుడే కట్టాను. వాహనం మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి పాత నంబరే కొనసాగుతుందని భావిస్తున్నాను.

ఒక్క విషయం ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఇంటి నంబరులో '5-96' తర్వాత గీత, '2' తప్పక ఉండాలి. అవి లేకపోతే అది పక్క భవనం నంబరు అవుతుంది. మునుపు కర్నూలులో ఇల్లు మారినప్పుడు నేనే దరఖాస్తులో ఒక అంకె తప్పు రాశాను. దానివల్ల బీమా కంపెనీ పంపిన ఉత్తరం వేరే ఇంటికి వెళ్లింది. రెన్యువల్ గడువు దాటిపోయి, బండి బయటకు తీయలేక తొమ్మిది రోజులు ఇబ్బంది పడ్డాను. అందుకే ఈసారి ఫారం 33లో చిరునామాను రెండుసార్లు సరిచూసుకుని రాశాను. ఆర్‌సీలో నమోదు చేసే ముందు దయచేసి మీరూ ఒకసారి ఆధార్ ప్రతితో పోల్చి చూడగలరు.

పూర్తి చేసిన ఫారం 33, అసలు ఆర్‌సీ, ఆధార్, పాన్ కార్డుల ప్రతులు, అద్దె ఒప్పందం, 2025 మార్చి 14 వరకు చెల్లే బీమా పత్రం, కాలుష్య తనిఖీ సర్టిఫికెట్ జతచేస్తున్నాను. అసలు ఆర్‌సీ మీ వద్ద ఉన్నన్ని రోజులు దారిలో తనిఖీలకు చూపేందుకు రసీదు ఇప్పించగలరు. వాహనాన్ని చూడాలంటే ఏ పనిదినాన రమ్మన్నా తీసుకువస్తాను. కొత్త ఆర్‌సీని ఎం.వి.పి. కాలనీ చిరునామాతో జారీ చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
కె. శ్రీలత