మన కొట్టు పేరు మారుతోంది: పాత కస్టమర్లకు ఉత్తరం

ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే బట్టలు తీసుకుంటున్న మీ అందరికీ నమస్కారం.

అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో ఉన్న మన ‘వీరభద్రం బ్రదర్స్ వస్త్రాలయం’ వచ్చే శ్రావణమాసం మొదటి శుక్రవారం నుంచి ‘మామ్మగారి చేనేత’ అవుతుంది. రోడ్డు మీద వెళ్తూ కొత్త బోర్డు చూసి కంగారుపడకుండా, ముందే మీకు మేమే చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొట్టు అమ్మేశారా, అన్నదమ్ములు కోర్టుకెక్కారా అని ఇప్పటికే కొందరు ఫోన్ చేసి అడిగారు. అలాంటిదేమీ లేదండి. 1958లో మా తాతగారు, ఆయన తమ్ముడు కలిసి ఈ కొట్టు పెట్టారు. చిన్నతాతగారి మనవలు ఈమధ్య వేరే ఊళ్లో పెద్ద షోరూమ్ తెరిచారు, అదే పేరుతో. ఆ పేరు మీద మాకెంత హక్కుందో వాళ్లకూ అంతే ఉంది. వాళ్లు ఎక్కువగా అమ్మేది మిల్లు బట్ట, రెడీమేడ్లు. తక్కువ ధరలో కావలసినవాళ్లకు అవీ కావాలి కదా, అందులో తప్పుపట్టేదేం లేదు. మనది మాత్రం మొదటినుంచీ మగ్గం బట్టే. బండారులంక చీరలు, ఉప్పాడ జాందానీ, మంగళగిరి, వెంకటగిరి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ముమ్మిడివరం నుంచి ఒకావిడ వచ్చి, కూతురి పెళ్లికని కొన్న చీర బల్ల మీద పెట్టారు. ‘మీ జాందానీయేనా ఇది?’ అని అడిగారు. తిరగేసి చూశాను. వెనకవైపు ప్రతి పువ్వు దగ్గరా కత్తిరించిన దారపు కొసలు. ఉప్పాడ జాందానీలో అలా ఉండదు. నేత నేసేవాళ్లు ఒక్కో బుటాకి విడిగా దారం తీసుకుని చేత్తో పడుగులోకి ఎక్కిస్తారు, అందుకే చీర ముందూ వెనకా ఒకేలా కనబడుతుంది. ఆ చీర మన దగ్గర కొన్నది కాదు. బిల్లు మీద జాందానీ అని కూడా రాసి లేదు. పైన మన పేరు చూసి ఆవిడే నమ్మేశారు. ఆవిడ మొహం చూశాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మా తాతగారి పేరు చూసి నమ్మినవాళ్లకు ఇలా జరగకూడదు.

ఆ తర్వాత మేమూ, ఆ షోరూమ్ పెట్టిన మా తమ్ముళ్లూ కూర్చుని మాట్లాడుకున్నాం. బ్యాంకు లోను, లైసెన్సులు అన్నీ ఆ పేరు మీదే తీసుకున్నారు కాబట్టి వాళ్లకి మార్చడం కష్టం. మాకు తేలిక. పెద్దవాళ్లం మేమే తప్పుకుంటాం అని కాగితం రాసుకున్నాం. కొత్త బోర్డుకు పూజ రోజున వాళ్లూ కుటుంబాలతో వస్తున్నారు.

ఇక కొత్త పేరు సంగతి. మా మామ్మ మధ్యాహ్నం తాతగారు భోజనానికి వెళ్లినప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. చీర మడత విప్పి తన ఒళ్లోనే పరుచుకుని, కొంగు ఎత్తి వెలుతురులోకి పట్టి చూపించేది. రంగు దిగుతుందనుకుంటే ‘ఇది నీకొద్దమ్మా’ అని తనే పక్కన పెట్టేసేది. ఆడవాళ్లు ఆవిడ ఉండే వేళ చూసుకుని మరీ వచ్చేవారు. ‘మామ్మగారి కొట్టు’ అనే పేరు మీరే పెట్టారు. లంకల నుంచి వచ్చేవాళ్లకి ఇప్పటికీ మన బోర్డు మీద ఏం రాసుందో తెలియదు, ఆటోవాళ్లకి ఆ పేరే చెప్తారు. మీ నోట్లో ఉన్న పేరునే ఇప్పుడు బోర్డు మీదకి తెచ్చుకుంటున్నాం.

కొట్టు ఇదే, సరుకు ఇదే, నేత కుటుంబాలూ పాతవే. ఫోన్ నంబరు మారదు. ఫాల్ కుట్టే సత్తెమ్మగారూ ఆ కిటికీ పక్కనే ఉంటారు.

పాత భాగస్వామ్యం రద్దయి వ్యాపారం నా ఒక్కడి పేరు మీదకు వస్తోంది కాబట్టి బిల్లు మీద జీఎస్టీ నంబరు మారుతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కొత్త పేరు వస్తుంది, టెన్షన్ పడకండి. మీ ఫోన్‌లో సేవ్ అయి ఉన్న పాత ఖాతాకు మాత్రం ఇకపై డబ్బు పంపొద్దు. పెళ్లి బట్టలకు అడ్వాన్సు కట్టినవాళ్ల రసీదులు పాత పేరుతో ఉన్నా పూర్తిగా చెల్లుతాయి. ఖాతా పుస్తకంలో బాకీలు, జమలు పైసాతో సహా కొత్త పుస్తకంలోకి ఎక్కించాం, వచ్చినప్పుడు ఒకసారి సరిచూసుకోండి. హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉండి ఫోన్ మీద ఆర్డరిచ్చేవాళ్లకు పార్శిల్ మీద కొత్త పేరుంటుంది. ఇంట్లో అందుకునేవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి.

మన పేరు మీద ఇంకెక్కడైనా చీర కొని అనుమానం వస్తే మొహమాటపడకుండా తీసుకురండి. మగ్గం మీద నేసిందో కాదో చూసి చెప్తాను.

శుక్రవారం ఉదయం పూజ, ఆపైన అందరికీ పులిహోర, చక్రపొంగలి. ఇంటిల్లిపాదీ తప్పకుండా రండి.

మీ
వెంకటరమణ
మామ్మగారి చేనేత, అమలాపురం